డ్రెయిన్ మట్టి టెండర్: మన లెక్క బయటపడకుండా సందేహం అడిగేదెలా?

కాలువగట్టు: భీమవరం వైపు ఒక డ్రెయిన్ పూడికతీత టెండర్. 40,000 ఘనపు మీటర్ల మట్టి, అంచనా సుమారు 60 లక్షలు. మట్టిని "అధికారి చూపిన చోట" వెయ్యాలన్నారు, లీడ్, అంటే మట్టి తోలే దూరం, 3 కిలోమీటర్లు కట్టారు. పక్కనే చేపల చెరువుల వాళ్లు గట్లకు మట్టి అడుగుతున్నారు. "మట్టి దగ్గరి చెరువులకు తోలుకోవచ్చా?" అని ఆఫీసుకి రాయొచ్చా? రాస్తే నా లెక్క బయటపడదూ?

పాతబిడ్డర్: రాయకండి. అడిగినవాడి పేరు తీసేస్తారు గానీ ప్రశ్న తీయరు. జవాబుతో పాటు అందరి ముందూ పెడతారు. లీడ్‌లో ఘనపు మీటరుకి 30 రూపాయలు మిగిలినా 12 లక్షలు, అంటే అంచనాలో 20 శాతం. మీరు అంచనా కంటే ఎంత లెస్‌కి వేయగలరో పోటీవాళ్లకి చెప్పినట్టే.

మీ ఉపాయం గురించి కాదు, కాగితంలో ఉన్న ఖాళీ గురించి అడగండి. ఐటమ్ నంబరు, పేజీ వేసి ఇలా: "మట్టి వేసే చోటు ప్లానులో గుర్తించలేదు. దయచేసి చూపగలరు. ఆ చోటు 3 కిలోమీటర్లకు ఎక్కువైనా తక్కువైనా లీడ్ కొలిచి చెల్లిస్తారా, అదే రేటు వర్తిస్తుందా?" ఎక్కువైతే అని కూడా అడిగారు కాబట్టి, మీరు దూరానికి భయపడుతున్నారో దగ్గర మీద ఆశ పెట్టుకున్నారో ఎవరికీ తెలియదు.

రాజోలు‌కుర్రాడు: క్లారిఫికేషన్ అంటే టెండర్ తెరిచాక వాళ్లు మనల్ని అడిగేది కదండీ? నన్ను టర్నోవర్ కాగితం అడిగారు.

పాతబిడ్డర్: అది వేరండి. ఇది బిడ్ వేయకముందు మనం అడిగేది. దీనికి గడువు వేరే ఉంటుంది, అది దాటితే జవాబు ఇవ్వరు.

మట్టిపని: ఇంత తతంగం ఎందుకు? ఏఈ గారికి ఫోన్ చేస్తే రెండు నిమిషాల పని. లేదా ఊరుకోండి. రాసింది వాళ్లు, అస్పష్టంగా ఉంటే మనకే లాభం.

పాతబిడ్డర్: ఫోన్ మాటకి నేను చెల్లించిన ధర చెప్తాను. "దూరం పెరిగితే లీడ్ ఇస్తాంలే" అన్నారొకరు. పని సగంలో ఆయన బదిలీ. కొత్తాయన కాగితం చూపించమన్నారు, బిల్లులో కోసేశారు. ఊరుకోవడమూ అంతే. సైటు చూసి, సందేహాలు తీర్చుకునే వేశానని మన చేతే సంతకం పెట్టిస్తారు.

మట్టిపని: మీ ఆఫీసు చెడ్డదైతే అందరివీ చెడ్డవేనా? 22 ఏళ్లుగా ఫోన్ మీదే చేస్తున్నాను.

పాతబిడ్డర్: ఒక్కసారైనా క్లెయిమ్ గెలిచారా?

మట్టిపని: క్లెయిమ్ దాకా రానివ్వను. అదే పనితనం.

ఆయకట్టుచివర: ఆగండాగండి. ఎవరికి ఏం తెలుస్తుందనే మాట్లాడుకుంటున్నారు. అసలు ఆ మట్టి ఎవరిది? మా డ్రెయిన్ గట్టు మూడు చోట్ల కుంగింది. తీసిన మట్టి గట్టుకే వెయ్యాలి. మీరు చెరువులకి తోలేస్తే వర్షాకాలంలో మునిగేది నా వరి చేను.

మట్టిపని: వచ్చారండి రైతు నాయకుడు! చెరువులవాళ్లు రైతులు కారా?

ఆయకట్టుచివర: నాయకుణ్ణి కాదు, చేను మునిగి రెండుసార్లు ఊడ్చినవాణ్ణి. మీరు దాచేది రేటా, పనా?

పాతబిడ్డర్: కోపంగా అన్నా మాట సరైనదే. రేటు దాచుకోవడం మన హక్కు. పని ఎలా చేస్తామో దాచితే రేపు బిల్లు ఆగుతుంది. కాలువగట్టు గారూ, ఇంకో ప్రశ్న చేర్చండి: "తీసిన మట్టి శాఖదా, కాంట్రాక్టరుదా? గట్టు బలపరచడానికి వాడాలా? బయటికి తరలిస్తే సీనరేజి ఫీజు, అనుమతులు ఎవరి బాధ్యత?" ఇది ఖర్చుకి భయపడేవాడు అడిగేలాగే ఉంటుంది.

కాలువగట్టు: అడిగితే "గట్టుకే" అంటారేమో. అప్పుడు నా 12 లక్షలు పోయినట్టే కదండీ.

పాతబిడ్డర్: టెండర్ వేశాక ఆ మాట అంటే ఇంకా ఎక్కువ పోతాయి. చాలాసార్లు "టెండర్ షరతుల ప్రకారం" అనే ఒక్క ముక్కే వస్తుంది. అప్పుడు గడువుంటే అదే షరతు నంబరు వేసి మళ్లీ అడగండి. లేకపోతే 3 కిలోమీటర్లు తోలాలనే లెక్కతో రేటు కట్టండి. చెరువుల మాట మరిచిపోండి.

మట్టిపని: అలా కడితే పని పక్కవాడికే. వాడూ చెరువులకే తోలతాడు.

ఆయకట్టుచివర: తోలనివ్వండి, చూద్దాం.

కాలువగట్టు: గడువు రేపు సాయంత్రం. చోటు, లీడ్ ప్రశ్నలు ఇప్పుడే పంపేశాను. మట్టి ఎవరిదన్న ప్రశ్న టైపు చేసి ఉంచాను, ఇంకా నొక్కలేదు.