గ్రోత్ మైండ్‌సెట్ క్లాసులతో మార్కులు నిజంగా పెరుగుతాయా?

మాధవి టీచర్: తెలివి సాధనతో పెరుగుతుందనే నమ్మకం గ్రోత్ మైండ్‌సెట్ అనీ, పుట్టుకతో వచ్చినంతే అనుకుంటే ఫిక్స్‌డ్ అనీ మాకు ట్రైనింగులో చెప్పారు. మా స్కూల్లో గోడలనిండా "రాదు అనకు, ఇంకా రాలేదు అను" పోస్టర్లే. నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు 1/2 + 1/3 ఇస్తే 2/5 అని రాస్తాడు. కష్టాన్ని మెచ్చుకోమని కూడా అక్కడే చెప్పారు కదా, "బాగా కష్టపడ్డావురా" అన్నాను. మర్నాడూ 2/5 రాశాడు. మీలో ఎవరికైనా పనిచేసిందా?

రవికిరణ్: పనిచేస్తుందండి, రుజువు ఉంది. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు ఐదో తరగతి పిల్లలతో ప్రయోగం చేశారు. "తెలివైనవాడివి" అని పొగిడించుకున్నవాళ్లు కష్టమైన పజిల్స్ రాగానే డీలా పడ్డారు. కష్టాన్ని పొగిడితే మార్కులు వాటంతటవే వస్తాయి.

పాత లెక్కల మాస్టారు: మొదటి సగం నిజం, రెండోది కాదు. అక్కడ పొగిడింది పజిల్స్ బాగా చేశారని చెప్పాక. తప్పు చేసినవాణ్ణి పొగడడం వేరు. పైగా అది కాసేపటి ప్రయోగం, ఏడాది చదువు కాదు.

మార్కుల సంగతి 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. అమెరికాలో సుమారు 12 వేలమంది తొమ్మిదో తరగతి పిల్లలు. ఆన్‌లైన్‌లో ఈ మైండ్‌సెట్ గురించి రెండు సెషన్లు, రెండూ కలిపి గంటలోపే. చదువులో వెనకబడిన పిల్లలకు సగటున 0.10 గ్రేడు పాయింటు పెరిగింది, అదీ సుమారు 4 పాయింట్ల స్కేలు మీద. పదిమంది పిల్లలు, తలా నాలుగు సబ్జెక్టులు అనుకోండి. మొత్తం 40 గ్రేడుల్లో నాలుగు ఒక్కో మెట్టు ఎక్కినట్టు. అంత తక్కువ ఖర్చుకు అది మంచిదే, కానీ పోస్టర్లు చెప్పేంత కాదు. 2022లో అదే డేటాను మళ్లీ చూస్తే, లెక్కల టీచరుకు కూడా ఆ నమ్మకం ఉన్న క్లాసుల్లోనే లెక్కల గ్రేడులు పెరిగాయి.

సుజాత: మా అబ్బాయి ఇంటర్, హాస్టల్. నిద్ర చాలట్లేదంటే "మైండ్‌సెట్ మార్చుకో" అన్నారట. మావాడిది ఫిక్స్‌డా, గ్రోతా? టెస్ట్ ఎక్కడ చేయించాలి?

పాత లెక్కల మాస్టారు: అమ్మా, అదేమీ బ్లడ్ గ్రూపు కాదు. ఒకే పిల్లాడు క్రికెట్‌లో ఒకలా, ఫిజిక్స్‌లో ఇంకోలా ఉంటాడు. ముందు వాణ్ణి నిద్రపోనివ్వమనండి.

లండన్ లావణ్య: ఇంగ్లండ్‌లో ఇయర్ 6, అంటే పదీ పదకొండేళ్ల పిల్లలకు ఈ పాఠాలు టీచర్లతోనే చెప్పించి చూశారు, 101 స్కూళ్లు. 2019 రిపోర్టు ప్రకారం ఇంగ్లిష్, లెక్కల్లో అదనపు ప్రగతి ఏమీ లేదు.

రవికిరణ్: పోలిక కోసం పెట్టిన స్కూళ్లలో చాలామంది టీచర్లు అప్పటికే ఇవే మాటలు వాడుతున్నారటగా? ఇక తేడా ఎలా కనబడుతుంది?

లండన్ లావణ్య: అదీ ఆ రిపోర్టులోనే ఉంది. అయినా అందరూ వాడుతున్నా ఏమీ మారలేదేమో అని నా అనుమానం.

మాధవి టీచర్: ఇవాళ పొగడ్త మానేసి చపాతీ గీశాను. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుతుందా?" అన్నాను. కాసేపు చూసి 2/5 చెరిపేశాడు. తర్వాత 3/4 + 1/6 ఇస్తే మళ్లీ 4/10 రాశాడు, కానీ ఈసారి తనే "తగ్గిపోయింది టీచర్" అన్నాడు. ఎలా చేయాలో మాత్రం ఇంకా తెలీదు. రేపు రెండు చపాతీలనూ పన్నెండేసి ముక్కలు చేయించి చూస్తాను.