ఫైల్ మేనేజర్‌లో డిలీట్ అయిన వీడియోలు, కనీసం మెమరీ కార్డులోవైనా వస్తాయా?

మాది విజయనగరం. పైడితల్లి సిరిమాను వీడియోల ఫోల్డర్లు మా తమ్ముడు ఆండ్రాయిడ్ ఫోన్ ఫైల్ మేనేజర్‌లో డిలీట్ చేసేశాడు. దానికి ట్రాష్ లేదు, బ్యాకప్ కూడా లేదు. రికవరీ యాప్‌తో స్కాన్ చేస్తే మసకగా చిన్న చిన్న బొమ్మలే వచ్చాయి. అవి గ్యాలరీ దాచుకునే థంబ్‌నెయిల్స్, అసలు వీడియోలు కావు. ఫోన్ మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, పైగా డిలీట్ చేసిన చోటుని ఫోనే ట్రిమ్‌తో తుడిచేస్తుంది కాబట్టి వాటి మీద ఆశ వదిలేశాను.

కొన్ని మాత్రం మెమరీ కార్డులో ఉండేవి. కార్డు వెంటనే బయటకు తీసేశాం. దాన్ని ఫోన్ మెమరీలో కలిపి ఫార్మాట్ చేయలేదు, అంటే ఎన్‌క్రిప్షన్ గొడవ ఉండకూడదు. కార్డ్ రీడర్‌తో కంప్యూటర్‌కి పెట్టి PhotoRec నడపాలనుకుంటున్నాను, దొరికినవి హార్డ్ డిస్క్‌లోనే సేవ్ చేస్తాను. పెద్ద వీడియోలు కార్డులో ముక్కలుగా పడి ఉంటే దొరికినా ప్లే కావంటున్నారు, నిజమేనా? ఎవరైనా చేసి చూశారా అండీ?