తలకింత పన్ను సులువే కానీ అన్యాయం: ఈ డిబేట్ ప్రసంగం నిలబడుతుందా?

బడిగంట:
మా తొమ్మిదో తరగతి అమ్మాయి డిబేట్‌కి రాసుకున్న ప్రసంగంలో అసలు ముక్క ఇది: "పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఏడాదికి 5,000 రూపాయలు కట్టాలి అన్నారనుకోండి. ఫారాలు లేవు, లెక్కలు లేవు, సులువే. కానీ కూలీకీ కోటీశ్వరుడికీ ఒకటే పన్నా? ఇదేం న్యాయం?" ఎదుటి జట్టు ఎక్కడ పట్టుకుంటుందో చెప్పండి.

పద్దుపుస్తకం:
"ఇదేం న్యాయం" దగ్గరే పట్టుకుంటారు. ప్రశ్న వేసి వదిలేస్తే జడ్జికి రాసుకోడానికి ఏమీ ఉండదు. రెండు ఇళ్లు తీసుకుని లెక్క చెప్పమనండి. మొదటి ఇంట్లో భార్యాభర్తలు, అత్తామామలు. ఇంటి మొత్తానికి నెలకు 10,000, అంటే ఏడాదికి 1,20,000. నలుగురి పన్ను 20,000. వచ్చిన దాంట్లో ఆరో వంతు పోయింది, రెండు నెలల సంపాదన. రెండో ఇంట్లో ఇద్దరే, నెలకు రెండు లక్షలు. పన్ను 10,000. ఏడాదికి వచ్చే 24 లక్షల్లో అది అర శాతం కూడా కాదు. ఈ రెండు ఇళ్లూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు, కోటీశ్వరుడు అక్కర్లేదు.

రెండోది, "సులువే" అని ఎదుటివాళ్లకు ఊరికే ఎందుకు ఇచ్చేస్తోంది? లెక్క వేయడం సులువు, వసూలు చేయడం కాదు. బ్రిటన్‌లో థాచర్ ప్రభుత్వం 1989లో స్కాట్లండ్‌లో, 1990లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఇలాంటి పన్నే పెట్టింది. కమ్యూనిటీ ఛార్జ్ అన్నారు, జనం పోల్ టాక్స్ అన్నారు. 1993లో ఎత్తేశారు.

సూటిబాణం:
ఆ పన్ను మీద లండన్‌లో అల్లర్లయ్యాయనే పాత కథ మళ్లీ మొదలు. అసలు ఆర్థికశాస్త్రం ఏమంటుందో పిల్లకి చెప్పండి. ఆదాయపు పన్ను ఉంటే ఇంకో లక్ష సంపాదిస్తే అందులో వాటా పోతుంది, కాబట్టి జనం ఆలోచిస్తారు. తలకింత పన్నులో ఎంత కష్టపడ్డా, ఎంత దాచుకున్నా అది మారదు. మనుషుల పనిని చెడగొట్టని పన్ను అది. పైగా ఆ బ్రిటన్‌లోనే అంతకుముందు ఇంటి విలువ మీద పన్ను ఉండేది. పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ, పక్కింట్లో నలుగురు సంపాదించేవాళ్లు, ఇద్దరికీ ఒకే బిల్లు. అది న్యాయమా మరి?

జీతంరాళ్లు:
ఇదంతా బ్రిటన్‌లో వెతకడం ఎందుకండీ? నా పే స్లిప్పులో ప్రతి నెలా 200 వృత్తి పన్ను పోతోంది. జీతం 22,000. మా మేనేజర్‌కి నాకు పదింతలు వస్తుంది, ఆయనకీ అదే 200. ఇది తలపన్ను కాదా?

పద్దుపుస్తకం:
@జీతంరాళ్లు పూర్తిగా కాదు, కానీ మీరు పట్టుకున్న చోటు మంచిది. మన రెండు రాష్ట్రాల్లోనూ నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆపైన ఎంతైనా 200. మెట్లు ఉన్నాయి, కాకపోతే రెండో మెట్టుతో ఆగిపోయాయి. ఎందుకంటే రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఒక మనిషి నుంచి ఏడాదికి 2,500 మించి వసూలు చేయకూడదు. 1988 సవరణకి ముందు అది 250 మాత్రమే. రాష్ట్రం ఇంకో మెట్టు వేద్దామన్నా పైన ఖాళీ వంద రూపాయలే. అమ్మాయి ఈ ఉదాహరణ చెప్పొచ్చు, కానీ "అందరికీ ఒకటే" అంటే తప్పవుతుంది. "20,000 దాటాక అందరికీ ఒకటే" అనాలి.

@సూటిబాణం మనుషుల పని మారదన్నారు. లెక్కలో పేరు ఉండటం మారుతుంది. ఇంగ్లండ్‌లో 1377లో తలకు నాలుగు పెన్నీలు వేసినప్పుడు జాబితాల్లో దాదాపు 13.5 లక్షల మంది తేలారు. 1381 వసూలుకి మూడింతలు చేసి షిల్లింగ్ అనేసరికి 9 లక్షల మందే తేలారు. నాలుగేళ్లలో మూడోవంతు జనం చచ్చిపోలేదు, దాక్కున్నారు. 1990లోనూ కొందరు ఓటర్ల జాబితాలో పేరే వద్దనుకున్నారు. ఇల్లు కదలదు, మనిషి కదులుతాడు. అద్దె ఇల్లు మారిన ప్రతివాడి వెనకా మునిసిపాలిటీ తిరగాలి.

సూటిబాణం:
ముందు మీ లెక్క సరిచేయండి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో నెలకు 10,000 మాత్రమేనా? ఇద్దరు కూలికెళ్లినా అంతకంటే ఎక్కువ వస్తుంది. కావాలని పేద ఇల్లు కట్టారు.

పద్దుపుస్తకం:
అయితే 20,000 వేసుకోండి. పన్ను పన్నెండో వంతు అవుతుంది, నెల సంపాదన. అప్పటికీ రెండో ఇంటికి ఇరవై రెట్లు బరువు. ఇప్పుడు ప్రసంగం కూలిపోయిందా?

సూటిబాణం:
అంకె మార్చాల్సి వచ్చింది కదా. జడ్జి ముందు అదే జరిగితే?

గోదారిగట్టు:
అత్తామామలు ఇంట్లో ఉంటే ఏడాదికి పదివేలు ఎక్కువ! ఇది ఉమ్మడి కుటుంబాల మీద పన్నండీ బాబూ.

సూటిబాణం:
పేదలకు మినహాయిస్తే సరిపోయే దానికి ఇంత రాద్ధాంతమా?

పద్దుపుస్తకం:
బ్రిటన్‌లో అదే చేసి చెడ్డారు! విద్యార్థులూ, బాగా పేదవాళ్లూ ఐదో వంతు కడితే చాలన్నారు. ఇక ఎవరు విద్యార్థి, ఎవరికి రాయితీ, ఎప్పటిదాకా అని కాగితాలు మొదలు. ఎగ్గొట్టిన చిన్న మొత్తం కోసం నోటీసు, కోర్టు, మళ్లీ నోటీసు. చివరికి 1991లో మనిషికి 140 పౌండ్లు తగ్గించడానికి అమ్మకాల మీద వేసే వ్యాట్‌ను 15 నుంచి 17.5 శాతానికి పెంచారు. మినహాయింపు ఇవ్వకపోతే అన్యాయం, ఇస్తే సులువు పోతుంది. అమ్మాయి ప్రసంగానికి ఇదే నడుం. మీ ముసలావిడ సంగతికి కూడా జవాబుంది: 1993లో వచ్చిన కౌన్సిల్ టాక్స్ మళ్లీ ఇంటి విలువ మీదే, ఒక్కరే ఉంటే పావు వంతు తగ్గింపు.

సూటిబాణం:
మీరు ప్రతిదానికీ బ్రిటన్ పద్దు తెరుస్తారు కానీ నేనడిగింది వినరు. వీధి దీపం కూలీ ఇంటి ముందూ అంతే వెలుగుతుంది, డాక్టర్ ఇంటి ముందూ అంతే. ఒకే సేవకి ఒకడు ఎక్కువ ఎందుకివ్వాలి? పాల ప్యాకెట్ జీతం చూసి అమ్ముతారా?

పద్దుపుస్తకం:
అదీ, ఇప్పుడు చెప్పారు. మీకు పన్ను అంటే సేవకు ధర. నాకు పన్ను అంటే ఊరి ఖర్చులో ఎవరి స్తోమతకు తగ్గ వాటా వాళ్లది. పాల ప్యాకెట్ వద్దనుకుంటే కొనను. పన్ను వద్దనడానికి లేదు. ఇంతసేపూ శాతాల మీద కొట్టుకున్నాం కానీ తేడా ఇక్కడుంది.

జీతంరాళ్లు:
ఆంధ్రాలో చెత్తబండికి ఇంటికింత అని వసూలు చేశారు కదా. అది ధరా, వాటానా?

సూటిబాణం:
ధరే. బండి వచ్చింది, డబ్బు అడిగారు.

పద్దుపుస్తకం:
యూజర్ ఛార్జీ అని 2021లో మొదలుపెట్టారు. జనం చెత్త పన్ను అన్నారు. 2024లో ఎత్తేశారు. ధరే అయితే బండి రాని వీధి వాళ్లు కట్టక్కర్లేదు, చెత్త వేయనివాడు కట్టక్కర్లేదు. అలా వదిలేస్తే చెత్త కాలువలోకి పోతుంది, అందుకే అందరి దగ్గరా అడగాలి. అందరి దగ్గరా తప్పనిసరిగా అడిగారంటే అది ధర కాదు.

సూటిబాణం:
తప్పనిసరి అయినంత మాత్రాన బండి ఖర్చు ఇంటికింత కాకుండా పోదు. ఒప్పుకోను.

బడిగంట:
ఎదుటి జట్టుకి పాల ప్యాకెట్ వాదన తప్పకుండా తడుతుంది. రెండు ఇళ్ల లెక్కకి నిమిషం, మినహాయింపు చిక్కుకి నిమిషం, మిగతా రెండు నిమిషాలూ దానికే ఉంచమంటాను. ఇంటి ఆదాయం 20,000 అనే రాయిస్తున్నాను, లేకపోతే సూటిబాణం గారిలాంటి వాళ్లు అక్కడే ఆగిపోతారు.

సూటిబాణం:
20,000 కూడా తక్కువే.