‘టెయిల్ కరెంట్’ను తెలుగులో ఏమని రాద్దాం?

అనంతపురం, డిప్లొమా లెక్చరర్: డిఫరెన్షియల్ పెయిర్ మీద మా పిల్లలకు తెలుగులో ల్యాబ్ నోట్సు రాస్తున్నా. రెండు ట్రాన్సిస్టర్ల ఎమిటర్లు కలిసిన చోటి నుంచి కిందికి పోయేదాన్ని ‘తోక కరెంటు’ అంటే అర్థమవుతుందా?

కర్నూలు, మోటారు డ్రైవుల మెకానిక్: టెయిల్ అంటే స్విచ్ ఆపాక కూడా కాసేపు పారే కరెంటు కదన్నా? డ్రైవులో ఐజీబీటీ వేడెక్కడానికి అదీ ఒక కారణమే. ‘మిగులు కరెంటు’ అనండి.

కడప, రిటైర్డ్ ఇంజినీరు: అది వేరే నాయనా. ఇక్కడిది ఆగేది కాదు, ఎప్పుడూ ఒకే విలువలో ఉండాల్సింది. 1 మిల్లీఆంపియర్ ఉందనుకో, దాన్నే రెండు ట్రాన్సిస్టర్లు పంచుకుంటాయి. ఒక ఇన్‌పుట్ పెరిగితే ఆ వైపు వాటా పెరిగి, అవతలి వాటా అంతే తగ్గుతుంది. రెండూ కలిసి పెరిగితే వాటాలు మారవు. అందుకే నేనైతే ‘పంపకం కరెంటు’ అంటాను.

ప్రొద్దుటూరు, బీటెక్ విద్యార్థిని: కామన్‌మోడ్ రిజెక్షన్ వచ్చేది ట్రాన్సిస్టర్లు రెండూ సరిసమానంగా ఉండటం వల్ల కదా సార్? అలాంటప్పుడు కింద మామూలు రెసిస్టరు చాలదా?

కడప, రిటైర్డ్ ఇంజినీరు: రెండు కలెక్టర్ల మధ్య తేడాను ఔట్‌పుట్‌గా తీసుకుంటే నీ మాట చాలావరకు నిజమేనమ్మా. ఒక్క కలెక్టరు నుంచే తీస్తే జోడీ ఎంత కుదిరినా సరిపోదు. సప్లై ప్లస్, మైనస్ 12 వోల్టులు, కలెక్టర్లలో 10 కిలోఓమ్‌లు, తోకలో 11 కిలోఓమ్‌ల రెసిస్టరు అనుకో. ఇన్‌పుట్‌లు రెండూ 1 వోల్టు పెరిగితే ఎమిటర్లూ అంతే పెరుగుతాయి. తోకలో 0.09 మిల్లీఆంపియర్ అదనంగా పారుతుంది. అందులో సగం 10 కిలోఓమ్‌లలో పారి, ఔట్‌పుట్‌ను దాదాపు 0.45 వోల్టు కదిలిస్తుంది. తేడా సిగ్నల్‌కు గెయిన్ సుమారు 100 కాబట్టి నిష్పత్తి 220, అంటే 47 డెసిబెల్స్. రెసిస్టరు తీసేసి 1 మెగాఓమ్ ఔట్‌పుట్ రెసిస్టెన్స్ ఉన్న కరెంట్ సోర్స్ పెడితే, అదే 1 వోల్టుకు ఔట్‌పుట్ కదిలేది 5 మిల్లీవోల్టులే. నిష్పత్తి 86 డెసిబెల్స్‌కు చేరుతుంది.

అనంతపురం, డిప్లొమా లెక్చరర్: మా ల్యాబులో అవే విలువలు సార్, కరెంట్ సోర్స్ కూడా పెట్టాం. కానీ ఇన్‌పుట్‌లు కలిపి 8 వోల్టులకు తీసుకుపోతే ఔట్‌పుట్ కూడా వెంటే పైకి పోతోంది. సోర్స్ చెడిపోయిందా?

కడప, రిటైర్డ్ ఇంజినీరు: సోర్స్ బాగానే ఉండొచ్చు. ఒక్కో కలెక్టరులో 0.5 మిల్లీఆంపియర్ పారితే అక్కడ 7 వోల్టులే మిగులుతాయి. బేస్‌ను 8కి తీసుకుపోతే ట్రాన్సిస్టర్ సాచురేట్ అవుతుంది. కలెక్టరుకీ ఎమిటరుకీ మధ్య మీటరు పెట్టి చూడండి, 0.2 వోల్టు దగ్గర చూపిస్తే అదే. కింది వైపూ హద్దుంది. ఇన్‌పుట్ మైనస్ 11కి దగ్గరైతే ఈసారి సోర్స్‌లోని ట్రాన్సిస్టరే సాచురేట్ అయి, కరెంటు పడిపోతుంది.

కర్నూలు, మోటారు డ్రైవుల మెకానిక్: ఇప్పుడర్థమైంది. కానీ పంపకం అంటే మా వైపు పొలం గట్లే గుర్తొస్తాయి సార్, కరెంటు కాదు.

అనంతపురం, డిప్లొమా లెక్చరర్: ప్రస్తుతానికి ‘టెయిల్ కరెంట్’ అనే ఉంచుతా. ఇన్‌పుట్ 7 వోల్టులు దాటించొద్దని మాత్రం నోట్సులో ఈరోజే చేరుస్తా.