షుగర్ బిళ్లతో పాటు పొడపత్రి పొడి, కాకర రసం: అత్తయ్యకి షుగర్ 58కి పడిపోయింది

తెనాలి కోడలు: మా అత్తయ్యకి 67 ఏళ్లు. గ్లిమిపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన బిళ్ల పొద్దున టిఫిన్‌కి ముందు వేసుకుంటారు. నెల నుంచి పరగడుపున అరగ్లాసు కాకర రసం, చెంచాడు పొడపత్రి పొడి కూడా తీసుకుంటున్నారు. మొన్న శనివారం ఒంటిపూట ఉన్నారు, బిళ్ల మాత్రం వేసుకున్నారు. పదకొండింటికి ఒళ్లంతా చెమట, మాట తడబాటు. మిషన్‌లో 58. పంచదార నీళ్లు పట్టిస్తే తేరుకున్నారు. ‘ఆకు పసరు ఏం చేస్తుందమ్మా, ఎండకి అలా అయింది’ అంటున్నారు. పొడి మానరు. ఏం చేయాలి?

పెరటి వైద్యం: ఇది చాలామంది చేసే పొరపాటే. బిళ్లకీ పొడికీ రెండు గంటల ఎడం ఉంచితే సరిపోతుంది.

మందుల చీటీ: ఎడం మాట మెంతులకైతే పనికొస్తుందండీ. మెంతుల జిగురు పేగులో మందుని పట్టి ఉంచుతుంది కాబట్టి వాటిని వేరే వేళకి మార్చమంటాం. ఇక్కడ సంగతి వేరు. గ్లిమిపిరైడ్ తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది, దాని ప్రభావం రోజంతా ఉంటుంది. పొడపత్రి, కాకర కూడా షుగర్‌ని కిందికే లాగుతాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి తీసుకున్నా రెండూ ఒంట్లో కలుస్తాయి. దానికి ఒంటిపూట తోడైంది.

అత్తయ్యగారితో ‘పొడి పనిచేయదు’ అనకండి. పనిచేస్తోంది కాబట్టే బిళ్లతో కలిసి ఎక్కువైందేమో అనండి. ఆ మాటైతే వింటారు, అబద్ధమూ కాదు. డాక్టరుని కలిసేదాకా పొడి, రసం పక్కన పెట్టమనండి. బిళ్ల మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, విరవొద్దు. అందులో రెండు మందులున్నాయి, పైగా మెట్‌ఫార్మిన్ మెల్లగా కరిగే రకమైతే విరిస్తే ఒక్కసారే దిగుతుంది. 58 వచ్చిందని డాక్టరుకి ఇవాళే ఫోన్‌లో చెప్పి, రేపటి బిళ్ల సంగతి అడగండి. ఆవిడ ఇంకేం మందులు వాడతారు?

తెనాలి కోడలు: బీపీకి అటెనొలాల్ 50.

మందుల చీటీ: అడిగింది అందుకే. షుగర్ పడిపోతే గుండె దడ, చేతుల వణుకు ముందుగా హెచ్చరిస్తాయి. అటెనొలాల్ వాటిని అణిచేస్తుంది, చెమట మాత్రం పడుతుంది. కాబట్టి ఆవిడకి చెమట పట్టినా, మాట తేడాగా ఉన్నా ఎండ అనుకోకుండా మిషన్ తీయండి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. పెరిగాక టిఫినో అన్నమో తినిపించండి. గ్లిమిపిరైడ్ వల్ల పడిన షుగర్ కొన్ని గంటలకి మళ్లీ పడొచ్చు, కాబట్టి ఆ రాత్రి కూడా చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి. పచ్చి పొడపత్రి ఆకు నమిలాక నాలుకకి కాసేపు తీపి తెలియదు, పంచదార ఇసుకలా ఉంటుంది. ‘తీపే లేదు’ అని ఆవిడ ఉమ్మేయబోతే మింగమనండి. నాలుకకి తెలియకపోయినా ఒంటికి అందుతుంది.

థైరాయిడ్ తంటా: నేను థైరాయిడ్ బిళ్ల, కాల్షియం కలిపి వేసుకుంటున్నాను. నాకూ షుగర్ పడిపోతుందా?

మందుల చీటీ: పడదండీ, మీది వేరే సంగతి. కాల్షియం మీ బిళ్లని ఒంటికి పట్టనివ్వదు. రెంటికీ నాలుగు గంటల ఎడం ఉంచండి. మీకు ఎడమే మందు.

పెరటి వైద్యం: నాకు తెలిసిన మెంతుల పద్ధతే దీనికీ అనుకున్నాను. మరి అత్తయ్యగారు పొడపత్రి జన్మలో ముట్టకూడదా?

మందుల చీటీ: అలా అనను. డాక్టరు ఒప్పుకుంటే ఒకటే ఎంచుకోవాలి, పొడో రసమో. రోజూ ఒకే కొలత, ఒకే చోట కొన్నది. పరగడుపున, మధ్యాహ్నం అన్నానికి ముందు, నిద్రకి ముందు షుగర్ రాసి ఆ కాగితం డాక్టరుకి చూపిస్తే బిళ్ల మోతాదు తగ్గించాలా అన్నది ఆయన తేలుస్తారు. ఒంటిపూట రోజు బిళ్ల సంగతి విడిగా అడగాలి. ఆ పొడి ఎక్కడిదండీ?

తెనాలి కోడలు: తిరునాళ్లలో కొన్న ప్యాకెట్. పేరూ లేదు, చీటీ లేదు.

మందుల చీటీ: అలాంటివాటిలో కొన్నింట షుగర్ బిళ్ల మందే కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి. 2008లో సింగపూర్‌లో మగతనం పెరుగుతుందని అమ్మిన మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసి, వాడినవాళ్లకి షుగర్ ప్రమాదకరంగా పడిపోయింది. మీ ప్యాకెట్‌లో ఏముందో చూసి చెప్పలేం. పారేయకండి, అలాగే కట్టి బిళ్ల అట్టతో పాటు డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.

తెనాలి కోడలు: ఫోన్ చేశాను, సోమవారం రమ్మన్నారు, అందాకా పొద్దున టిఫిన్ తప్పకుండా పెట్టమన్నారు. అత్తయ్య పొడి పక్కన పెట్టారు. కాకర కూర వండుకోవచ్చా అని అడుగుతున్నారు.

మందుల చీటీ: అన్నంలో కలుపుకునే కూర తినొచ్చు. పరగడుపున రసమే వద్దు.