మెయిల్ రోజుకి మూడుసార్లే చూస్తే మా లైన్‌లో నడుస్తుందా? (గుంటూరు, మిర్చి ఎక్స్‌పోర్ట్)

మిర్చి_డాక్యుమెంట్స్:
అందరికీ నమస్తే అండి. గుంటూరులో మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ చూస్తాను. ఔట్‌లుక్ పొద్దున్న తెరిస్తే రాత్రి దాకా తెరిచే ఉంటది. ప్యాకింగ్ లిస్ట్ కొడుతుంటే, అదే బస్తాల లెక్క, నెట్ వెయిట్, కంటైనర్ నంబరు, మధ్యలో మూల నుంచి మెయిల్ వచ్చిందని పైకి లేస్తది, చూడకుండా ఉండలేను, చూసి వెనక్కి వచ్చాక ఏ లైన్‌లో ఉన్నానో మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అంతకంటే పెద్ద బాధ ఏంటంటే నేను ఎప్పుడూ వెంటనే రిప్లై ఇస్తానని అందరికీ అలవాటైపోయింది, చెన్నైలో మా కస్టమ్స్ పని చూసే సీహెచ్‌ఏ అయినా, బయట దేశం బయ్యర్ అయినా పది నిమిషాలు ఆగితే "ఏమైంది" అని ఇంకో మెయిల్. తొమ్మిదిన్నర, ఒంటిగంటన్నర, అయిదు, ఈ మూడుసార్లే చూద్దామనుకుంటున్నా. ఎవరైనా ఇలా చేసినవాళ్ళు ఉంటే మీ అనుభవం చెప్పండి. షిప్పింగ్ లైన్ పంపే బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్, అదే డ్రాఫ్ట్ బీఎల్, అలాంటివి వస్తే మాత్రం ఏం చెయ్యాలో తెలీట్లేదు.

పటమట_ఆడిట్:
నేను చాలాకాలంగా ఇలాగే చేస్తున్నానండి, విజయవాడలో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పని. నోటిఫికేషన్లన్నీ తీసేయండి, మూడుసార్లు చూడండి, అంతే. దీనిమీద స్టడీ కూడా ఉంది, మూడుసార్లు చూసినోళ్ళకి టెన్షన్ తగ్గిందని తేలింది. ఎవరేమనుకున్నా పట్టించుకోకండి, నిజంగా అర్జెంట్ అయితే వాళ్ళే ఫోన్ చేస్తారు. నాకు నోటీసు వచ్చినా సమాధానానికి రోజులు టైముంటది, రిజిస్ట్రేషన్ మీద క్లారిఫికేషన్ అడిగినా ఏడు పనిదినాలు ఇస్తారు, గంటలో కొంప మునిగేది ఏమీ లేదు.

కొత్తపేట_మాస్టారు:
నాకూ ఇదే సమస్య బాబూ, మెయిల్స్ లేటుగా వస్తున్నాయి, ఫోన్ తెరిచి యాప్‌లోకి వెళ్తే తప్ప రావట్లేదు. సింక్ ఆన్‌లోనే ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఆటోనగర్_రవాణా:
మాస్టారూ మీది వేరే సంగతండి, ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ని పడుకోబెడుతుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీలోకి వెళ్ళి జీమెయిల్‌ని ఆ లిస్ట్ నుంచి తీసేయండి. వీళ్ళు అడుగుతున్నది మాత్రం కావాలని లేటుగా చూడటం గురించి.

లబ్బీపేట_శైలు:
నేను కస్టమర్ సపోర్ట్ టీమ్‌ని నడుపుతాను, ఇది టీమ్ మొత్తానికి పెట్టి చూసినదాన్ని కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆడిట్ గారు చెప్పిన స్టడీ నిజమే. కెనడాలో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియావాళ్ళు చేశారు, 2015లో వచ్చింది, 124 మంది, ఒక వారం రోజుకి మూడుసార్లే, ఇంకో వారం ఎన్నిసార్లయినా. మూడుసార్లన్న వారంలో టెన్షన్ తగ్గింది. కానీ 2016లో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలి బృందం ఒక కంపెనీలో 40 మంది ఉద్యోగుల్ని 12 పనిదినాలు గమనించింది, అక్కడ మెయిల్ గుంపుగా చూసేవాళ్ళకి స్ట్రెస్ తక్కువని ఏం తేల్లేదు. మెయిల్ మీద రోజంతా గడిపిన టైమ్ ఎంత పెరిగితే స్ట్రెస్ అంత పెరిగింది, అది మాత్రం కనిపించింది. అంటే గంటలు పెట్టుకున్నంత మాత్రాన ఊరట దానంతటదే రాదు, ఆ మధ్య గంటల్లో మీ మనసు ఎక్కడుందన్నదే అసలు విషయం. అవతల ఎవరో కాచుక్కూర్చున్నారేమో అన్న అనుమానం ఉంటే ఇన్‌బాక్స్ మూసినా తెరిచినట్టే.

అందుకే "అన్నీ తీసేయండి" అన్నదానితో నేను ఒప్పుకోను. ఫోన్ నోటిఫికేషన్ల మీద 2019లో 237 మందితో ఇంకో స్టడీ వచ్చింది, రోజుకి మూడు విడతలుగా ఇచ్చినవాళ్ళకి బాగుంది, మొత్తానికే ఆపేసినవాళ్ళకి ఏదో మిస్సవుతున్నామన్న ఆందోళన పెరిగింది.

మిర్చి గారూ, ముందు టైములు పెట్టుకోకండి. పోయిన రెండు వారాల ఇన్‌బాక్స్ తీసి ఒక్కో మెయిల్‌కి ఒకటే ప్రశ్న వేసుకోండి, దీనికి నాలుగు గంటలు ఆలస్యంగా జవాబిచ్చి ఉంటే డబ్బు పోయేదా, సరుకు ఆగేదా? "వాళ్ళు విసుక్కునేవాళ్ళు" అన్నది లెక్కలోకి రాదు. అవునని తేలి మిగిలినవి ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో ఇక్కడ రాయండి.

మిర్చి_డాక్యుమెంట్స్:
కూర్చుని చూశానండి. మిగిలినవి నేననుకున్నదానికన్నా చాలా తక్కువ, రెండే రకాలు.

ఒకటి షిప్పింగ్ లైన్ నుంచి వచ్చే డ్రాఫ్ట్ బీఎల్. వాళ్ళు చెప్పిన టైములోపు చూసి ఓకే అనకపోతే, తర్వాత తప్పు దిద్దించాలంటే అమెండ్‌మెంట్ చార్జీ పడుద్ది. రెండోది లారీ దారిలో ఆగి ఈ-వే బిల్లులో బండి నంబరు మార్చమనేది, కానీ అది ఎటూ డ్రైవర్ ఫోనే చేస్తాడు, మెయిల్ తర్వాత వస్తది.

బ్యాంకు మెయిల్స్ అర్జెంటనుకునేవాణ్ణి. చూస్తే ఎల్‌సీ, అంటే బయ్యర్ బ్యాంకు ఇచ్చే పేమెంట్ హామీ, దాని డాక్యుమెంట్లు పరిశీలించడానికి బ్యాంకుకే అయిదు బ్యాంకింగ్ రోజులుంటయ్, తేడా ఉందని చెప్తే ఆ రోజులోపు సరిచేసి పంపితే చాలు. బయ్యర్ల మెయిల్స్‌లో సగం పైగా "షిప్‌మెంట్ ఎప్పుడు" అనేవే.

లబ్బీపేట_శైలు:
చూశారా, మిమ్మల్ని రోజంతా కట్టేసింది ఒక్క డ్రాఫ్ట్ బీఎల్. దానికొక్కదానికీ దారి వేరు చెయ్యండి. షిప్పింగ్ లైన్ డాక్యుమెంటేషన్ అడ్రస్ నుంచి వచ్చేవాటికి మాత్రమే శబ్దం వచ్చేట్టు ఔట్‌లుక్‌లో ఒక రూల్ పెట్టుకోండి, మిగతా అన్నిటికీ శబ్దం, డెస్క్‌టాప్ అలర్ట్ రెండూ తీసేయండి. జీమెయిల్ వాడేవాళ్ళయితే ఆ అడ్రస్‌కి ఫిల్టర్‌తో ఒక లేబుల్ కట్టి, ఫోన్‌లో `Label notifications` దానికొక్కదానికే ఆన్ చెయ్యొచ్చు. అప్పుడు శబ్దం రాలేదంటే ఎవరూ కాచుకుని లేరని మీకు తెలుస్తుంది. ఊరట అక్కడ మొదలవుతుంది.

ఇక టైములు. మీ బయ్యర్లు ఏ దేశాలు?

మిర్చి_డాక్యుమెంట్స్:
ఎక్కువ చైనా, తర్వాత స్పెయిన్ ఒకరు. బంగ్లాదేశ్ వాళ్ళు వాట్సాపే.

లబ్బీపేట_శైలు:
అయితే మీరనుకున్న ఒంటిగంటన్నర, అయిదు రెండూ కుదరవు. చైనా మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. వాళ్ళ ఆఫీసు సాయంత్రం అయిదున్నరకి మూస్తే మనకి మూడు. మీరు అయిదింటికి రాసింది వాళ్ళు రేపు పొద్దున్నే చూస్తారు, ఒంటిగంటన్నరకి రాస్తే చూస్తారు గానీ స్పెయిన్ దొరకదు. స్పెయిన్ వేసవిలో మనకన్నా మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. అంటే వాళ్ళు తొమ్మిదింటికి కూర్చునేసరికి మనకి వేసవిలో పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర, ఇంకా ఆ రోజు మెయిల్ రాసి ఉండరు. తొమ్మిదిన్నర, రెండు, అయిదున్నర పెట్టి చూడండి. తొమ్మిదిన్నరకల్లా చైనా వాళ్ళు పొద్దున్న రాసినవి వచ్చి ఉంటాయి, రెండింటికి ఇచ్చిన జవాబు వాళ్ళకి అదే రోజు అందుతుంది, అయిదున్నర పూర్తిగా స్పెయిన్‌కి. ఎన్నిసార్లు చూస్తున్నామన్నదానికన్నా అవతలివాళ్ళు ఎప్పుడు రాస్తారు, ఎప్పుడు చదువుతారు అన్నదాన్ని బట్టి పెట్టుకుంటేనే ఎవరూ లేటుగా ఇచ్చారని అనుకోరు.

బ్రాడీపేట_కుర్రాడు:
అక్కా ఇదంతా బానే ఉంది కానీ నేను మెయిల్ తెరవకపోతే మా మేనేజర్ నుంచి వాట్సాప్‌లో "మెయిల్ చూశావా" అని వస్తది, అది చూసి మెయిల్ తెరవాలి, అంటే ఇంకా రెండు చోట్ల చూస్తున్నా. కొత్తగా జాయినయ్యా, ఫలానా టైముకే చూస్తానని ఆయనకి చెప్పే ధైర్యం లేదు.

పటమట_ఆడిట్:
తమ్ముడూ చెప్పాల్సిన పనే లేదు, ఆయన సాధారణంగా ఏ టైముకి పంపుతాడో చూసుకుని దాని తర్వాత అరగంట ఆగి ఒక్కసారి చూడటం పెట్టుకో.

బ్రాడీపేట_కుర్రాడు:
ఆయనకి టైమంటూ ఉండదండి.

మిర్చి_డాక్యుమెంట్స్:
కొన్ని వారాలు చేశాక వచ్చి రాస్తున్నా. శైలు గారికి థాంక్స్ అండి, టైములు సరిగ్గా కుదిరాయి. మొదట్లో ఫోన్లు పెరిగాయి, "మెయిల్ చూడలేదా" అని, ముఖ్యంగా సీహెచ్‌ఏ ఆఫీసు నుంచి. తర్వాత తగ్గిపోయాయి, ఇప్పుడు వాళ్ళే రెండింటిలోపు కావాలంటే పొద్దున్నే పంపుతున్నారు.

నేను ఊహించనిది నా రిప్లైలు మారడం. ఇంతకుముందు బయ్యర్ షిప్‌మెంట్ ఎప్పుడంటే "ఈ వారం" అని ఒక ముక్క కొట్టేవాణ్ణి, వెంటనే ఏ షిప్ అని, చెప్తే ఎప్పుడు చేరుద్దని, చెప్తే డాక్యుమెంట్లు ఎప్పుడని, ఒక్క ప్రశ్న నాలుగు మెయిల్స్ అయ్యేది. ఇప్పుడు మళ్ళీ సాయంత్రం దాకా చూడను కాబట్టి వాళ్ళు తర్వాత ఏం అడుగుతారో ఆలోచించి స్టఫింగ్ తేదీ, షిప్ పేరు, చేరే తేదీ, డాక్యుమెంట్లు కొరియర్ చేసే రోజు అన్నీ ఒకేదాంట్లో రాస్తున్నా. దానికి తిరిగి "ఓకే" ఒక్కటే వస్తోంది, చాలాసార్లు అదీ రాదు.

ఒక్కటి మాత్రం ఇబ్బందిగా ఉంది. రెండింటికి కూర్చుంటే అరగంటలో లేవాల్సింది, నేను పంపుతుంటే జవాబులు వస్తూనే ఉంటయ్, వాటికి రాస్తూ నాలుగైపోతోంది.

లబ్బీపేట_శైలు:
మా టీమ్‌లో కూడా సరిగ్గా ఇక్కడే చెడింది. టైముకి తెరుస్తారు, మూయరు. మెయిల్స్ దిగాక `Send / Receive` ట్యాబ్‌లో `Work Offline` నొక్కేసి అప్పుడు జవాబులు రాయండి. మీరు సెండ్ కొట్టినవి అవుట్‌బాక్స్‌లో ఆగుతాయి, కొత్తవి రావు. అన్నీ అయ్యాక మళ్ళీ అదే నొక్కితే ఒక్కసారే వెళ్ళిపోతాయి, అవుట్‌బాక్స్ ఖాళీ అయిందో లేదో చూసి మూసేయండి. ఆఫ్‌లైన్‌లో ఉన్నంతసేపు డ్రాఫ్ట్ బీఎల్ శబ్దం కూడా రాదు, అది గుర్తుంచుకోండి, అరగంట దాటనివ్వకండి. జీమెయిల్ బ్రౌజర్‌లో అయితే `Schedule send` పెట్టి అన్నిటినీ అరగంట తర్వాతకి తోసేయొచ్చు.

ఆటోనగర్_రవాణా:
మాకు ట్రాన్స్‌పోర్ట్‌లో ఇది కుదర్లేదండి, చేసి చూశాను. లోడు రేటు అడుగుతూ ఒకే మెయిల్ నలుగురికి పంపుతారు, ముందు రేటు చెప్పినోడికే లోడు. నాలుగు గంటలు ఆగితే బండి ఖాళీగా నిలబడుద్ది. అందుకని రేట్ల మెయిల్ ఐడీ వేరే చేసి దాని ముందు ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాం, బిల్లులు, బకాయిల మెయిల్ మాత్రం నేను పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తా. నాకు ప్రశాంతంగానే ఉంది, ఆ కుర్రాడికి మాత్రం లేదు, నాకు తప్పిన టెన్షనంతా వాడి నెత్తిన పడింది. వాణ్ణీ, ఇంకొకర్నీ పూటకొకరు మార్చి కూర్చోబెడదామని చూస్తున్నా. శైలు గారూ, మీ సపోర్ట్ టీమ్‌లో ఎన్ని గంటలకొకసారి మనిషిని మారుస్తారు?

లబ్బీపేట_శైలు:
రెండు గంటలండి. అంతకంటే ఎక్కువసేపు కూర్చోబెడితే జవాబులు పొట్టివైపోతాయి, పొట్టి జవాబుకి మళ్ళీ ప్రశ్న వస్తుంది. మీ దగ్గర ఇద్దరే కాబట్టి రెండు గంటలు కుదరకపోవచ్చు, పూటకొకరితో మొదలుపెట్టి మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ కుర్రాడు పంపే రేట్లలో తప్పులు పెరుగుతున్నాయా లేదా చూడండి.