పక్షి ఊపిరితిత్తుల్లో జరిగేది కౌంటర్ కరెంటా, క్రాస్ కరెంటా?

వంశీ_బైపీసీ
మా కోచింగ్ నోట్సులో పక్షులకు కూడా చేపల్లాగే కౌంటర్ కరెంట్ అని ఉంది. సీనియర్ ఇచ్చిన పుస్తకంలో క్రాస్ కరెంట్ అని ఉంది. ఏది రాయాలి? అసలు చేప, పక్షి, మనిషి, ఈ మూడింట్లో ఎవరి పద్ధతి గొప్పది?

కిరణ్_పక్షిప్రేమి
కౌంటర్ కరెంటే తమ్ముడూ, అనుమానమే లేదు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కుగా పోతుంది, మనలాగా వచ్చిన దారినే వెనక్కి రాదు. దానికి ఎదురుగా రక్తం పారుతుంది. లేకపోతే బార్ హెడెడ్ గూస్ హిమాలయాలు ఎలా దాటుతుంది?

సుజాత_జువాలజీ
కిరణ్ గారూ, గాలి ఒకే దిక్కుగా పోతుందన్నది నిజం. రక్తం ఎదురుగా వస్తుందన్నదే తప్పు. ఇది ప్రయోగంతో తేలిపోయిన విషయం.

నిజంగా కౌంటర్ కరెంట్ అయితే గాలి దిక్కు మార్చగానే లాభమంతా పోవాలి. ఎందుకంటే అప్పుడు రక్తం, గాలి రెండూ ఒకే వైపు పోతాయి. చేపల్లో ఇదే జరిగింది. టెంచ్ అనే చేప మొప్పల మీద నీటిని వెనకనుంచి ముందుకు పారించి చూస్తే, నీటిలోంచి అది లాక్కునే ఆక్సిజన్ 51 శాతం నుంచి 9 శాతానికి పడిపోయింది. 1972లో షైడ్, పైపర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బాతు ఊపిరితిత్తుల్లో గాలి దిక్కు మార్చి ఇలాంటి పరీక్షే చేశారు. బాతుకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గాలి ఎటునుంచి వచ్చినా ఫలితం ఒకటే అయిందంటే రక్తం దానికి అడ్డంగా పోతున్నట్టే. అదే క్రాస్ కరెంట్.

కిరణ్_పక్షిప్రేమి
మేడం, అడ్డంగా పోతే లాభమేముంటుంది? అది సగం పనిచేసే కౌంటర్ కరెంట్ అన్నమాటేగా?

సుజాత_జువాలజీ
సగం అనలేం, మధ్యరకం అనొచ్చు. కాగితం మీద ఒక లెక్క వేద్దాం, అంకెలు సులువు కోసమే. పారాబ్రాంకస్ అనే సన్నటి గొట్టంలోకి గాలి వచ్చేటప్పుడు ఆక్సిజన్ పీడనం 140 అనుకోండి, దాటి బయటికి పోయేటప్పటికి 80. ఈ గొట్టం పొడవునా వరసగా రక్తకేశనాళికలు ఉంటాయి. ప్రతిదానిలోకీ ఒకే రకం చెడు రక్తం, పీడనం 40తో వస్తుంది. మొదట్లో ఉన్న నాళిక తాజా గాలిని కలుస్తుంది కాబట్టి 140 దగ్గరికి చేరుకుంటుంది. మధ్యది 110 దాకా, చివరిది 80 దాకా. ఇవన్నీ కలిసి గుండెకు వెళ్లే రక్తం పీడనం 80 కన్నా పైనే ఉంటుంది. అంటే పక్షి బయటికి వదిలే గాలి కన్నా దాని రక్తంలోనే ఆక్సిజన్ పీడనం ఎక్కువ ఉండే వీలుంది.

మనకు ఆ వీలు లేదు. ఒక శ్వాసకు సుమారు అర లీటరు పీలుస్తాం. అందులో 150 మి.లీ. దారిలోనే ఆగిపోతుంది. మిగతా 350 మి.లీ. లోపల అప్పటికే ఉన్న రెండు లీటర్లకు పైగా పాత గాలిలో కలుస్తుంది. ఆ మిశ్రమంలో 100 ఉంటే రక్తానికి దక్కేది మహా అయితే 100. అదే చేప మొప్పల్లో అయితే బయటికొచ్చే రక్తం చివరిగా కలిసేది అప్పుడే లోపలికొచ్చిన నీటిని. కాబట్టి సిద్ధాంతపరంగా 140 దాకా పోవచ్చు. నిజం ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం అన్నిచోట్లా సమంగా పంచుకోబడవు కాబట్టి, కొలిస్తే తేడాలు ఇంత శుభ్రంగా కనబడవు. పక్షుల్లో కార్బన్ డయాక్సైడ్ దగ్గర మాత్రం తేలిగ్గా పట్టుబడుతుంది. బయటికి వదిలే గాలిలో దాని పీడనం ధమని రక్తంలో కన్నా ఎక్కువ వచ్చిందంటే అది కలగలుపు గాలితో సాధ్యం కాదు.

చెరువుగట్టు_రాజు
మీరు చేపదే గొప్ప పద్ధతి అంటున్నారు. మరి మా చెరువులో తెల్లారేసరికి బొచ్చెలు, శీలావతులు ఎందుకు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయండి? మబ్బు పట్టి రెండు రోజులైతే చాలు, రాత్రంతా టెన్షన్. ఏరేటర్లు తిప్పకపోతే పొద్దున్నే చచ్చి తేలతాయి. కొర్రమీనులకు మాత్రం ఏమీ కాదు.

సుజాత_జువాలజీ
రాజుగారూ, మీరడిగింది వేరే సంగతి, కానీ పనికొచ్చేదే. మంచి గాలి లీటరుకు సుమారు 210 మి.లీ. ఆక్సిజన్ ఇస్తుంది. 30 డిగ్రీల మంచినీరు గాలితో నిండుగా కలిసినా లీటరుకు ఐదారు మి.లీ. మించదు. రాత్రి నాచు, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి దాన్నే తోడేస్తాయి. మబ్బు ఉంటే పగలు నాచు మళ్లీ నింపదు. మొప్ప ఎంత బాగా లాక్కున్నా లాక్కునేది ఉండాలిగా. నీటి పైపొరలోనే కాస్త ఆక్సిజన్ మిగిలుంటుంది కాబట్టి పైకొస్తాయి. కొర్రమీను తలలో గాలి పీల్చుకునే గది ఉంది. దాన్ని పైకి రానివ్వకుండా వలతో నీళ్లలోనే ఉంచేస్తే అది మునిగి చస్తుంది.

అందుకే గొప్ప ఏది అన్న ప్రశ్నే నాకు నచ్చదు. అంత తక్కువ ఆక్సిజన్, పైగా గాలి కన్నా వందల రెట్లు బరువైన నీటిని తోయాలి. చేపకు కౌంటర్ కరెంట్ లేకపోతే బతుకే లేదు.

కోళ్ల_డాక్టర్
ఒక మాట. గాలి సంచుల గురించి ఎవరూ చెప్పలేదు, పరీక్షల్లో పిల్లలు తప్పు రాసేది అక్కడే. వాటి గోడల్లో రక్తనాళాలు చాలా తక్కువ, మార్పిడి జరిగేది వాటిలో కాదు. అవి కొలిమి తిత్తులు, అంతే. పీల్చిన గాలిలో ఎక్కువ భాగం మొదట వెనకవైపు సంచుల్లోకి పోతుంది. వదిలినప్పుడు ఊపిరితిత్తి గుండా ముందుకు వెళ్తుంది. మళ్లీ పీల్చినప్పుడు ముందు సంచుల్లోకి, మళ్లీ వదిలినప్పుడు బయటికి. ఒకే గాలి బయటపడటానికి రెండు శ్వాసలు.

చికెన్ షాపులో చూడండి. కోడి ఊపిరితిత్తి పక్కటెముకల సందుల్లో ఇరుక్కుని, గులాబీ రంగు స్పాంజి ముక్కలా ఉంటుంది. పీకితే దాని వీపు మీద ఎముకల గాడులు కనబడతాయి. మేకదాన్ని ఊదితే ఉబ్బుతుంది, ఇది ఉబ్బదు.

ఉబ్బదు అన్నదే సమస్య కూడా. బ్రాయిలర్లను మాంసం కోసం వేగంగా పెంచేస్తున్నాం. ఒంటికి తగ్గట్టు ఊపిరితిత్తి పెరగదు, సాగదు. గుండె ఎక్కువ రక్తం తోస్తే లోపల పీడనం పెరుగుతుంది. కుడివైపు గుండె అలిసిపోయి పొట్టలో నీరు చేరుతుంది. చలికాలం ఫారాల్లో వాటర్ బెల్లీ అని చెప్పుకునేది ఇదే. మన ఊపిరితిత్తుల్లో అవసరమైతే తెరుచుకునే నాళాలు మిగిలుంటాయి. పక్షిది ఎప్పుడూ మనకన్నా మెరుగేనని నేను ఒప్పుకోను.

కిరణ్_పక్షిప్రేమి
డాక్టర్ గారూ, అది మనిషి చేసిన కోడి తప్పు, ఊపిరితిత్తి తప్పు కాదు! గదిలో 6,100 మీటర్ల ఎత్తు గాలిని సృష్టించి పిచ్చుకలను, ఎలుకలను పెట్టారు. పిచ్చుకలు ఎగిరాయి, ఎలుకలు నేలకు అతుక్కుపోయాయి. దీనికేమంటారు?

కోళ్ల_డాక్టర్
ఆ ప్రయోగాన్ని కాదనను. కానీ అందులో క్రాస్ కరెంట్ వాటా ఎంత? పక్షికి గాలికీ రక్తానికీ మధ్య పొర చాలా పలచన, పైగా సాగాల్సిన పని లేదు. మీ గూస్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. శ్వాస కూడా బాగా పెంచగలదు. ఇన్ని ఉండగా మొత్తం క్రెడిట్ గాలి దిక్కుకే ఇవ్వడం ఎందుకు?

సుజాత_జువాలజీ
అక్కడ నేను డాక్టర్ గారితో సగమే ఏకీభవిస్తాను. గాలి చాలా పలచనైనప్పుడు క్రాస్ కరెంట్ లాభం తగ్గిపోతుంది, నిజమే. కానీ పంపు ఒకచోట, మార్పిడి ఇంకోచోట పెట్టుకోబట్టే ఆ పొర అంత పలచగా ఉండగలిగిందనే వాదనా బలమైనదే. అప్పుడు రెండింటినీ విడదీసి వాటాలు లెక్కగట్టడం ఎలా? ఇంకో సంగతి, ఒకే దిక్కు గాలి ఉన్నంత మాత్రాన పక్షి అయిపోదు. మొసళ్ల జాతి ఆలిగేటర్లలో కూడా అలాగే పోతుందని 2010లో చూపించారు. అవేమీ హిమాలయాలు దాటడం లేదు. గూస్‌లు కూడా జీపీఎస్ కట్టి చూస్తే ఎక్కువగా లోయలు, కనుమలు పట్టుకునే వెళ్తాయి. నమోదైన అత్యధిక ఎత్తు 7,300 మీటర్లకు కాస్త తక్కువ.

వంశీ, నీ పేపర్లో చేపకు కౌంటర్, పక్షికి క్రాస్ అని రాయి. కీ తప్పుగా ఇస్తే అభ్యంతరం పెట్టు, బాతు ప్రయోగం చెప్పు.

వంశీ_బైపీసీ
థాంక్స్ మేడం. మా సార్‌కి చూపిస్తే, రివర్స్ చేసినప్పుడు గాలి సంచుల దారి కూడా మారిపోయి ఉంటుంది కదా అంటున్నారు.

సుజాత_జువాలజీ
మారుతుందనే, సంచుల్ని పక్కన పెట్టి ఊపిరితిత్తి గుండా మాత్రమే గాలి తోశారు. ఆ వివరం చెప్పి చూడు.